నీడను గీయకండి, ఎండను ఆపండి

మా లీడ్ ఆ రోజు ఒక్క మాటే అన్నారు: "ముఖం తేలుతోంది."

ఆ షాట్ మీద నేను పదకొండు రోజులు పనిచేశాను. ఫైట్ సీన్ అది. మే నెల, ఉదయం పదిన్నర ఎండ. టోపీ పెట్టుకున్న డూప్ లారీ మీంచి దూకి కెమెరా వైపు తిరుగుతాడు. అతని ముఖం తీసి హీరో ముఖం పెట్టాలి. ముఖం సరిగ్గా అతికింది, కోణం కుదిరింది, చర్మం రంగు కలిసింది. టోపీ అంచు నీడ కూడా వేశాను. అయినా ముఖం తేలుతోందన్నారు. నేను నీడను ఇంకాస్త నలుపు చేశాను. మళ్ళీ అదే మాట. అంచును మెత్తగా చేశాను. మళ్ళీ అదే మాట.

ఇలాంటి మాట వినగానే మనలో చాలామంది చేసేది ఒకటే. అప్పటికి చేతిలో ఏ మీట ఉంటే దాన్నే ఇంకొంచెం తిప్పుతాం. మీరూ ఆ స్థితిలో ఉంటే ముందు మౌస్ వదిలేయండి. "ముఖం తేలుతోంది" అన్నది చూసినవాళ్ళకు కలిగిన అనుభూతి. తప్పు ఎక్కడుందో అందులో ఉండదు, దాన్ని వెతకాల్సింది మీరు. ఆ వెతుకులాటను నేను హఫీజ్‌పేట్‌లో మా ఇంటి డాబా మీద మొదలుపెట్టాను. ఒక టోపీ, ఒక చేతి అద్దం, ఒక స్కేలు పట్టుకుని, పదిన్నర ఎండలో.

డాబా మీద మొదట కనిపించిందే నన్ను ఆపేసింది. టోపీ నీడ గీత నా పెదవి పైన ఉంది. బుగ్గల మీద కూడా దాదాపు అదే ఎత్తులో ఉంది. కానీ ముక్కు కొన మాత్రం ఎండలో మెరుస్తోంది. నీడలో ఉన్న ముఖం మధ్యలో చిన్న వెలుగు ముద్ద. నా షాట్‌లో అది లేదు. నేను పెదవి పైన అడ్డంగా ఒక వంపు గీత గీసి, పైనంతా చీకటి చేసేశాను.

ఎందుకలా అవుతుందో స్కేలు పెట్టి చూస్తే తేలిపోతుంది. హైదరాబాద్‌లో మే నడుమ పదిన్నరకు సూర్యుడు నేల నుంచి సుమారు 65 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ఆ ఎండకు ఎదురుగా నిలబడితే, నుదుటి నుంచి టోపీ అంచు ఎంత ముందుకు పొడుచుకొస్తే దానికి రెండింతల కంటే కాస్త ఎక్కువ కిందికి నీడ దిగుతుంది. కచ్చితంగా చెప్పాలంటే 2.14 రెట్లు. అంచు 5 సెంటీమీటర్లు ఉంటే నీడ 10.7 సెంటీమీటర్లు దిగుతుంది. నుదుటి మధ్య నుంచి లెక్కేస్తే అది పై పెదవి దగ్గర ఆగుతుంది. ముక్కు కొన మాత్రం ముఖం కంటే 2 సెంటీమీటర్లు ముందుకు ఉంటుంది. దానికి అంచు కప్పేది 3 సెంటీమీటర్లే. కాబట్టి అక్కడ నీడ 6.4 సెంటీమీటర్లకే ఆగిపోతుంది. కొన అంతకంటే కిందే ఉంటుంది కనుక ఎండలో పడుతుంది.

ఈ లెక్క అర్థమైతే ఇంకో పెద్ద పొరపాటు కూడా కనిపిస్తుంది. ప్లేట్‌లో డూప్ ముఖం మీద అసలు నీడ ఉందిగా, దాని గీతను అలాగే రోటో చేసి హీరో ముఖం మీద వేస్తే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు. హీరో ముక్కు డూప్ ముక్కు కంటే 3 మిల్లీమీటర్లు పొడవుంటే, ఆ ముక్కు మీద నీడ గీత ఆరు మిల్లీమీటర్లకు పైగా పైకి జరుగుతుంది. డూప్ ముక్కు ఆకారంలో పడ్డ నీడను హీరో ముక్కు మీద అతికిస్తే కన్ను పట్టేస్తుంది. ఏం తప్పో ప్రేక్షకుడు చెప్పలేడు. "ఏదో తేలుతోంది" అంటాడు.

అందుకే నీడ ఆకారాన్ని చేత్తో గీయకుండా పడేట్టు చేయాలి. హీరో తల త్రీడీ మోడల్ ఉంటే దాన్ని షాట్‌లోని కదలికకు మ్యాచ్ చేసి, నెత్తిన టోపీ అంచులాంటి ఒక పలుచని వలయం పెట్టి, ఎండ దిశలో ఒక్క లైటు వేసి, నీడను తెలుపు నలుపు మ్యాట్‌గా రెండర్ చేయండి. మోడల్ గొప్పగా ఉండక్కర్లేదు. ముక్కు, పెదవులు, గడ్డం, కనుగుంటలు మాత్రం హీరోవే అయి ఉండాలి. లైటు దిశ సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి ముందు డూప్ తల మోడల్ మీద ప్రయత్నించండి. ప్లేట్‌లో ఉన్న నీడ మీ రెండర్‌లో వచ్చిందంటే దిశ దొరికినట్టే. ఆ తర్వాతే తల మార్చండి.

ఇప్పుడు నలుపు సంగతి. నా పదకొండు రోజుల్లో ఎక్కువ భాగం పోయింది ఇక్కడే. నేను నీడను ముఖం మీద వేసే ఒక మసక పొర అనుకున్నాను. ఆరుబయట ముఖానికి వెలుగిచ్చేవి రెండు: ఎండ, ఆకాశం. నేల నుంచి, చొక్కా నుంచి ఎగిరే వెలుగు ఈ రెండింటి వల్లే వస్తుంది. టోపీ అంచు ఎండను పూర్తిగా ఆపుతుంది, ఆకాశాన్ని కొంత ఆపుతుంది, నేల వెలుగును ఆపదు. నీడలో మిగిలేది ఆ వెలుగే. దానికి దాని రంగు ఉంటుంది.

ఆ రంగును ఊహించనక్కర్లేదు. ప్లేట్‌లో కొలవచ్చు. డూప్ బుగ్గ మీద నీడ గీతకు అటూ ఇటూ, దగ్గర దగ్గరగా రెండు చుక్కలు తీసుకోండి. చర్మం ఒక్కటే, వంపు ఒక్కటే, తేడా అల్లా ఎండే. మా షాట్‌లో, లీనియర్ విలువల్లో, ఎండ వైపు ఎరుపు 0.62, ఆకుపచ్చ 0.40, నీలం 0.28 వచ్చాయి. నీడ వైపు 0.085, 0.068, 0.058. భాగించి చూడండి. ఎరుపు ఏడు రెట్లకు పైగా తగ్గింది, ఆకుపచ్చ ఆరు రెట్ల దాకా, నీలం అయిదు రెట్ల లోపే. అంటే నీడలో చర్మం చీకటి పడటమే కాదు, నీలం వైపు జరిగింది. నేను మూడు రంగులనూ ఒకే కొలతలో తగ్గించాను. అందుకే ముఖం మీద మసి పూసినట్టు కనిపించింది. ఎంత నలుపు చేసినా అది తీరదు.

కొలత ఎక్కడ తీసుకోవాలో కూడా చెబుతాను. మొదటిసారి నేను డూప్ భుజం మీద చొక్కా ఎండనూ, చంక కింది నీడనూ పోల్చాను. 65 డిగ్రీల ఎండలో పైకి చూసే భుజానికి ఎండ దాదాపు నిటారుగా తగులుతుంది. ఎండకు ఎదురుగా నిలువుగా ఉన్న బుగ్గకు వాలుగా తగిలేది పూర్తి ఎండలో 42 శాతమే. భుజం కొలతతో ముఖాన్ని వెలిగిస్తే గడ్డం కాలిపోయినట్టు కనిపిస్తుంది. ముఖం కొలత ముఖం మీదే తీసుకోవాలి.

ఈ సంగతి తెలిశాక పని పద్ధతే మారిపోతుంది. ఒక ముఖం తీసుకుని దాని మీద నీడ వేయడం మానేసి రెండు ముఖాలు తయారు చేస్తారు. ఒకటి పూర్తిగా నీడలో ఉన్న హీరో ముఖం. అది డూప్ నీడ బుగ్గతో కలవాలి. రెండోది టోపీయే లేనట్టు పూర్తిగా ఎండలో ఉన్న హీరో ముఖం. అది డూప్ ఎండ బుగ్గతో కలవాలి. ఎండ ముఖంలో పైకి తిరిగిన చోట్లు, అంటే ముక్కు పైభాగం, కింది పెదవి, గడ్డం మెట్ట, ఎక్కువ వెలగాలి. దవడ కింద వెలగకూడదు. తల మోడల్ నుంచి నార్మల్ పాస్ తీసుకుంటే ఇది సులువు. ఆ తర్వాత రెండింటి మధ్య మ్యాట్ నిర్ణయిస్తుంది:

```
result = shade + (sun - shade) * matte
```

మ్యాట్ ఒకటి అయిన చోట ఎండ, సున్నా అయిన చోట నీడ. ఈ లెక్కంతా లీనియర్‌లోనే జరగాలి. తెరకు తగ్గట్టు గామా పెట్టిన బొమ్మ మీద చేస్తే నీడ అంచు మధ్యలో బూడిద రంగు పట్టీ వస్తుంది.

అంచు మెత్తదనం గురించి మా గదిలో రోజూ వాదనలే. "కొంచెం బ్లర్ పెంచు బ్రో", "లేదన్నా, తగ్గించు". ఈ వాదన అక్కర్లేదు. మన ఆకాశంలో సూర్యుడి వెడల్పు అర డిగ్రీ. దాని వల్ల ఏ నీడకైనా అంచు, కిరణాలకు అడ్డంగా కొలిస్తే, ఎంత వెడల్పుగా కరుగుతుందంటే, అడ్డుకున్న వస్తువు నుంచి నీడ పడ్డ చోటుకు ఉన్న దూరంలో 107వ వంతు. ఎండ వాలుగా తగిలే చోట అది ఇంకా సాగుతుంది. ఇది టోపీకీ వర్తిస్తుంది, కొబ్బరాకుకీ వర్తిస్తుంది.

మా షాట్‌లో టోపీ అంచు నుంచి పెదవి దాకా ఎండ కిరణం ప్రయాణించిన దూరం సుమారు 12 సెంటీమీటర్లు. అంటే నీడ అంచు కిరణాలకు అడ్డంగా ఒక మిల్లీమీటరు చిల్లర, నిలువుగా ఉన్న పెదవి మీద సాగి రెండున్నర మిల్లీమీటర్ల పైన. ముక్కు దగ్గర ఆ దూరం 7 సెంటీమీటర్లే, అంచు సాగినా సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లే. తెర మీద ఆ ముఖం వెడల్పు 560 పిక్సెళ్ళు. అసలు ముఖం 14 సెంటీమీటర్లు అనుకుంటే మిల్లీమీటరుకు నాలుగు పిక్సెళ్ళు. కాబట్టి పెదవి మీద అంచు పది పదకొండు పిక్సెళ్ళు ఉండాలి, ముక్కు మీద ఆరు. నేను ముఖమంతటికీ పాతిక పిక్సెళ్ళ బ్లర్ పెట్టాను. మండుటెండలో మబ్బు పట్టినట్టు కనిపించడానికి కారణం అదే.

ఇక్కడ చర్మం తన వంతు కలుపుతుంది. చర్మంలోకి దిగిన ఎండ లోపల కొంత దూరం పాకి బయటికి వస్తుంది. ఎరుపు ఎక్కువ దూరం పాకుతుంది, నీలం తక్కువ. అందుకే ముఖం మీద నీడ అంచున సన్నని ఎర్రటి గీత కనిపిస్తుంది. చొక్కా మీద కనిపించదు. మ్యాట్‌లో ఎరుపు ఛానెల్‌ను ఆకుపచ్చ కంటే రెండు మూడు పిక్సెళ్ళు ఎక్కువ బ్లర్ చేయండి, నీలాన్ని అలాగే వదిలేయండి. ఎంత అన్నది డూప్ ముఖం మీదే కనిపిస్తుంది. దగ్గరికి జూమ్ చేసి చూసి పోల్చుకోండి. ఈ ఒక్క పనితో ప్లాస్టిక్ ముఖానికి ప్రాణం వస్తుంది. అది మొదటిసారి చూసినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి.

టోపీ నీడ కంటే ఎండ చారలు కష్టం. కారణం చారలు సన్నగా ఉండటం కాదు. వాటిని చూడాలంటే మా హఫీజ్‌పేట్ స్టేషన్‌లో పొద్దున ఎంఎంటీఎస్ ఎక్కండి. ఎండ వైపు కిటికీకి అడ్డంగా ఊచలుంటాయి. కిటికీ పక్కన కూర్చున్న మనిషి ముఖం మీద చారలు గట్టిగా ఉంటాయి. అటు పక్క సీటులో ఉన్న మనిషి ముఖం మీద మసకబారతాయి. దీనికీ అదే 107 లెక్క. ఊచ మందం ఒక సెంటీమీటరు అనుకోండి. 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్న ముఖం మీద చార అంచులు దాదాపు మూడు మిల్లీమీటర్లు కరుగుతాయి. మధ్యలో ఏడు మిల్లీమీటర్ల గట్టి నీడ మిగులుతుంది. మీటరు దాటితే గట్టి నీడే మిగలదు. అక్కడ చార అంటే ఎండ కొంచెం తగ్గిన పట్టీ, అంతే. ఒకే బోగీలో ఇద్దరి ముఖాల మీద ఒకే గట్టి చారలు వేసిన షాట్ నేను చూశాను. చారలు అందంగా ఉన్నాయి, షాట్ నమ్మేట్టు లేదు.

ఇక కదలిక. హైటెక్ సిటీ స్టేషన్ వచ్చేలోపు దీన్ని గమనించండి. ప్రయాణికుడు తల తిప్పితే చారలు తలతో తిరగవు. అవి ఉన్న చోటే ఉంటాయి, ముఖం వాటి కిందనుంచి జరుగుతుంది. ముక్కు మీదుగా పోతున్న చార పక్కకు విరుగుతుంది, కనుగుంటలో కిందికి జారుతుంది. పట్టాలు వంపు తిరిగినప్పుడు మాత్రం బోగీలోని ముఖాలన్నిటి మీదా చారలు ఒకేసారి కదులుతాయి. టోపీ నీడ దీనికి భిన్నం. టోపీ తలతోపాటే తిరుగుతుంది కాబట్టి నీడ ముఖాన్ని వదలదు, ఎండకూ తలకూ కోణం మారిన కొద్దీ ఆకారం మారుతుంది.

కాబట్టి పని మొదలుపెట్టే ముందే ఎండను ఆపుతున్నది దేనికి అంటుకుని ఉందో తేల్చుకోండి. తలకా, బోగీకా, గోడకా, ఊగే చెట్టుకా? చారలను ముఖానికి ట్రాక్ చేశారో, అవి పచ్చబొట్టు అయిపోతాయి. రోటో ఎంత శుభ్రంగా ఉన్నా లాభం లేదు. ఊచలను బోగీ ట్రాక్‌కు, తలను తల ట్రాక్‌కు కట్టి, ఎండ లైటును స్థిరంగా ఉంచి, రెండర్‌ను వాటికి వదిలేయండి.

లీడ్‌కు చూపించే ముందు నేను ఇప్పుడు మూడు పనులు చేస్తాను. మొదటిది, వ్యూయర్‌లో గామా బాగా పెంచి నీడ భాగం చూడటం. ముఖాన్ని తగ్గించి నీడ చేసినప్పుడు అందులోని గ్రెయిన్ కూడా తగ్గిపోతుంది. ప్లేట్‌లో మాత్రం నీడలో గ్రెయిన్ బతికే ఉంటుంది. గామా పెంచగానే హీరో ముఖం మాత్రం నున్నగా మైనంలా కనిపిస్తుంది. దీనికి ముందుగానే డీనాయిస్ చేసుకుని, అంతా కలిపాక ప్లేట్ గ్రెయిన్‌ను మళ్ళీ వేయాలి. రెండోది, నీలం ఛానెల్ ఒక్కటే పెట్టి చూడటం. రంగు తప్పితే అక్కడ ముందు బయటపడుతుంది.

మూడోది కళ్ళు. టోపీ నీడలోని కంటికి ఎండ చుక్క ఉండదు. ఎదుటి నేల, గోడ, దూరపు ఆకాశం కనుగుడ్డు మీద పలుచగా పరుచుకుని ఉంటాయి. హీరోను స్టూడియోలో తీసి ఉంటే కంటిలో సాఫ్ట్‌బాక్స్ చతురస్రం మెరుస్తూ ఉంటుంది. అది ఉన్నంతసేపు మీ నీడ ఎంత సరైనదైనా ఎవరూ నమ్మరు. చతురస్రాన్ని తుడిచి, కింది సగంలో నేల వెలుగును పలుచగా పెట్టండి.

ఇంత చేసినా కుదరని షాట్లుంటాయి. హీరో ముఖాన్ని ఎడమ వైపు ఎండలో తీసుకొచ్చి, కుడి వైపు ఎండ ఉన్న ప్లేట్ మీద పెట్టమంటారు. ముఖం మీద గట్టి నీడ లేకపోతే మనం పడేయగలం. ఉన్న గట్టి నీడను తీసేయడం వేరే సంగతి. తీసినచోట చర్మం వివరాలు తిరిగి రావు. ఈ మాట పదకొండో రోజు చెబితే సాకులా వినిపిస్తుంది. మొదటి రోజే, సోర్స్ ఫుటేజ్ చూసిన గంటలో, లీడ్ దగ్గరికి వెళ్ళి చెప్పండి. అదే పూట ఇంకొకటి కూడా అడగండి: ఈ ముఖాన్ని ఈ షాట్‌లో వాడటానికి ఆ నటుడి ఒప్పందం రాతలో ఉందా అని. పని ఒత్తిడి ఎంత ఉన్నా నేను ఇది అడక్కుండా షాట్ తెరవను. ఎండా నీడా ఇంత నిజంగా పడ్డ ముఖాన్ని చూసినవాళ్ళు అక్కడ ఉన్నది ఆ మనిషే అని నమ్ముతారు.

ముఖం మార్చే ఈ పని కొత్తది కాదు. 1993లో జురాసిక్ పార్క్‌లో పైకప్పులోంచి జారిన అమ్మాయి డూప్ పొరపాటున కెమెరా వైపు చూస్తే, ఆ ముఖం స్థానంలో నటి ముఖం పెట్టారు. 2010లో ది సోషల్ నెట్‌వర్క్ కోసం ఆర్మీ హామర్ ముఖాన్ని జాష్ పెన్స్ శరీరం మీద పెట్టినప్పుడు, సెట్‌లోని వెలుగును మళ్ళీ ఏర్పాటు చేసి ఆ వెలుగులో ముఖాన్ని విడిగా తీశారు. కంప్యూటర్ ముందు కూర్చోకముందే సగం పని అయిపోయింది.

మా షాట్‌కూ చివరికి ప్యాచ్ షూట్ పెట్టారు. హీరో డేట్లు దొరికింది డిసెంబరులో. మే నెల ఎండను డిసెంబరులో తెచ్చుకోవచ్చుగా, మధ్యాహ్నం పన్నెండుకు తీద్దాం అని ప్రొడక్షన్ వాళ్ళు అన్నారు. నేను కర్ర లెక్క చెప్పాను. మేలో పదిన్నరకు మీటరు కర్ర నీడ 47 సెంటీమీటర్లు. డిసెంబరు మూడో వారంలో హైదరాబాద్‌లో సూర్యుడు నడినెత్తికి ఎంత ఎక్కినా 49 డిగ్రీలే, అదే కర్ర నీడ 87 సెంటీమీటర్లు. 5 సెంటీమీటర్ల అంచు నీడ ఆ ఎండలో 5.8 సెంటీమీటర్లే దిగుతుంది. ముక్కు నడుమ ఆగిపోతుంది. రోజులో ఏ గంటకు తీసినా పెదవి దాకా రాదు.

వాళ్ళు వెంటనే ఒప్పుకున్నారు. ఏం కావాలో రాసి పంపమన్నారు. ఇలా రాశాను: "భవనం నీడలో, ఆకాశం బాగా తెరుచుకుని ఉన్న చోట తీయండి. కెమెరా ఎత్తు, లెన్స్, దూరం మే నెల ప్లేట్‌లో ఉన్నవే ఉండాలి. నేల మీద ఎర్రమట్టి రంగు గుడ్డ పరచండి, గడ్డం కిందికి ఆ వెలుగు కావాలి. మొదటి టేక్‌కు ముందు అదే చోట బూడిద రంగు బంతి ఒకసారి తీయండి. హీరో గారికి టోపీ పెట్టొద్దు."